మోటారు గది మీది మేకపోతు

చేయవలసిన పనులు ఇవి.

దొడ్డి నేలకు మొరం పోసి ఎత్తు చేయాలి. మేకలకైతే చెక్కలతో మంచె కట్టాలి. గొర్రెలకు అక్కరలేదు, కానీ కాళ్ల కింద తడి మాత్రం నిలవకూడదు.

వానలకు ముందే నులిపురుగుల మందు తాగించాలి. చిటుక రోగానికి టీకా వేయించాలి.

పెరిగిన గిట్టలు కత్తిరించాలి.

పొద్దున గడ్డి మీద మంచు ఆరేదాకా దొడ్డి తలుపు తీయకూడదు.

ఆవులకు పెట్టే ఖనిజాల పొడి గొర్రెలకు పెట్టకూడదు. అందులో ఉండే రాగిని మేక ఓర్చుకున్నంత గొర్రె ఓర్చుకోలేదు. కాలేయంలో పేరుకొని ఒకనాడు ఉన్నట్టుండి చంపేస్తుంది.

జామతోటలో నడుమెత్తు దాకా ఉన్న కింది కొమ్మలన్నీ కోసేయాలి, గొర్రె మూతికి అందకుండా.

కమలమ్మాళ్‌కు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. తోటలోకి గొర్రెలే రావాలి, ఒక్క మేక కూడా కాలు పెట్టకూడదు.

ఇవన్నీ ముత్తుసెల్వి చేసింది. ఒక్కటీ వదలలేదు. అందుకే ఆమెకు అంత కోపం.

మదురై దగ్గర వాడిపట్టి దాటాక సిరుమలై కొండ వైపు పోయే మట్టిదారిలో వాళ్ల కాలనీ ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ముత్తుసెల్వి మదురైలో ఒక ఆస్పత్రి మెట్లు, వరండాలు తుడిచే కాంట్రాక్టు పని చేసేది. అక్కడ ఆమెకు పేరు లేదు. "ఏయ్, క్లీనింగ్!" అని పిలిస్తే పలకాలి. పెళ్లయిన కొత్తలో అది పట్టలేదు. పోను పోను ఆ పిలుపు చెవిలో పడితే చేతిలో చీపురుకట్ట బిగుసుకునేది. తనదంటూ ఒక పని ఉండాలి, ఆ పని మీద తన పేరు ఉండాలి అనుకుంది. భర్త అయ్యప్పన్ లారీ మీద ఊళ్లు తిరిగేవాడు, "నీ ఇష్టం సెల్వీ" అన్నాడు. ఇక ఒప్పించాల్సింది అత్త మూకాయినే.

మూకాయి బతుకంతా మేకలతోనే గడిచింది. కోడలు గొర్రెలు అనగానే ఆమె వక్కాకు ఉమ్మేసి వచ్చి మరీ కూర్చుంది.

"గొర్రెలా? తల నేలకేసి పోయేదాన్ని ఏం మేపుతావే? మేకకి బుద్ధి ఉండాది. ముల్లు తింటాది, వేప తింటాది, గోడ మీది ఎలక్షన్ పోస్టరు తింటాది. కరువొచ్చినా కొండెక్కి బతుకుతాది. ఒక్కో ఈతకి రెండు పిల్లలేస్తాది. చాయికి పాలిస్తాది. నీ గొర్రె ఏమిస్తాది?"

"పోస్టరే కాదు అత్తా, ఎదురింటి వళ్లి అక్క మందార చెట్టు కూడా తినింది. ఆ తగువు ఇంకా తీరలే."

"మందార చెట్టుని దోవలో పెట్టమని ఎవరు చెప్పినారు దానికి?"

"మీ మేక పైకప్పెక్కి రేకులు విరగ్గొట్టింది. ఆ రేకులు కూడా దోవలోనే ఉన్నాయా?"

మూకాయి నవ్వేసింది. నవ్విందంటే సగం ఒప్పుకున్నట్టే.

మిగతా సగం కమలమ్మాళ్ తేల్చింది. కమలమ్మాళ్‌ది ఊరి తెలుగు రైతు కుటుంబం. కాలువ పక్కన ఆమె జామతోట. చెట్లు మనిషి ఎత్తు దాటి ఇప్పుడిప్పుడే పూత పట్టే వయసు. చెట్ల మధ్య గడ్డి మోకాళ్ల దాకా పెరుగుతుంది, కోయించడానికి మనుషులు దొరకరు. మోకాళ్ల నొప్పులతో ఆ పెద్దామె తోట దాకా నడవడమే గగనం. ముత్తుసెల్వి అడగ్గానే ఆమె షరతు పెట్టింది.

"గొర్రెలైతే తోలుకో సెల్వీ. నాకి గడ్డి పోతాది, ఎరువు పడతాది. మేకలైతే వేండాం, వద్దు. మేక గడ్డి ముందు ఉన్నా చెట్టుకేసి చూస్తాది. లేత కొమ్మ వంచి కొసలు తింటాది, అది అయినాక కాండం మీది పట్ట పీకుతాది. పట్ట చుట్టూ పోతే చెట్టు చచ్చినట్టే. గొర్రె అట్ల కాదు, దాని నోరు నేల మీదే."

"ఒక్క మేక కూడా రాదమ్మా."

"గొర్రెకి కూడా ఆకలేస్తే కొరుకుతాది. దాన్ని కాలే కడుపుతో ఈడికి తేవద్దు."

"తేనమ్మా."

అదీ ఒప్పందం. ఆ మాట మీదే మూకాయి తన మేకలన్నీ అమ్మింది. పళ్లు కదులుతున్న ఒక ముసలి మేకను మాత్రం పాల కోసం ఇంటి ముందు కట్టేసుకుంది. ఆ చుట్టుపక్కల పెరిగే కచ్చకట్టి గొర్రెలు కొన్నారు: బొగ్గులా నల్లనివి, ఉన్ని లేకుండా పొట్టి వెంట్రుకతో నున్నగా ఉండేవి, చిన్న చెవులవి. వాటిలో ఒక పొట్టేలు. ఆ జాతి పొట్టేళ్లు పోట్లాటకు పెట్టింది పేరు. మెలికలు తిరిగిన కొమ్ములు, మనిషిని కూడా లెక్కచేయని చూపు.

దూరం నుంచి చూసిన కొత్తవాళ్లు "మేకలా?" అనేవాళ్లు. మొదట్లో ముత్తుసెల్వికీ తడబాటు ఉండేది. మూకాయే నేర్పింది.

"తోక చూడు పిల్లా. మేకది నిక్కి ఉంటాది, గొర్రెది వేలాడతాది. పై పెదవి చూడు, గొర్రెకి నడిమిన బాగా చీలి ఉంటాది. అందుకే నేలకి అంటుకున్న గడ్డి కూడా కొరికేస్తాది. ఒకే చోట వదిలిపెట్టినావంటే వేరు దాకా గొరిగేస్తాది, తెలుసుకో. రోజూ చోటు మార్చు."

గొర్రెల గుణం ముత్తుసెల్వి తనంతట తనే తెలుసుకుంది. ఒకటి కదిలితే అన్నీ కదులుతాయి. ఒక్కదాన్ని విడదీస్తే పక్కన పచ్చగడ్డి ఉన్నా ముట్టదు, అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటుంది. భయపడితే మేక చెదిరిపోయి ఎత్తుకు ఎక్కుతుంది, తిరిగి చూస్తుంది. గొర్రెలు ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దగా పరిగెత్తుతాయి, ముందున్నది కాలువలో దూకితే వెనకవీ దూకుతాయి. అన్నిటికంటే కష్టమైనది మరొకటి. మేకకు నొప్పి వస్తే ఊరంతా వినేలా గోల చేస్తుంది. గొర్రె చెప్పదు. మందలో నిలబడే ఉంటుంది, నెమరు మాత్రం ఆగిపోతుంది. మనమే చూసుకోవాలి. రోజూ సాయంత్రం ప్రతి దాని దవడ కదులుతున్నదా లేదా అని ముత్తుసెల్వి వంగి వంగి చూసేది. ఆస్పత్రిలో అన్నేళ్లు ఉన్నా ఎవరి ముఖం వైపూ అంత పట్టిపట్టి చూసింది లేదు.

తోటలో గడ్డి తగ్గింది. గొర్రెల వీపులు నిండాయి. చూడివి కూడా కనిపిస్తున్నాయి. అంతా దారిన పడింది అనుకుంటుండగా కమలమ్మాళ్ కొడుకు కృష్ణరాజ్ కోయంబత్తూరు నుంచి వచ్చాడు.

అతనికి పీలమేడులో పంపుసెట్ల విడిభాగాలు చేసే వర్క్‌షాపు ఉంది. అది మూతపడే దాకా వచ్చి మళ్లీ నిలబడిందట. నిలబడితే ఒక మేకపోతును విడుస్తానని ఊరి దేవుడు కరుప్పసామికి మొక్కుకున్నాడు. మొక్కు ప్రకారం నల్లటి పోతును తెచ్చి, పసుపునీళ్లు చల్లి, మెడలో దండ వేసి వదిలాడు. ఇక తిరునాళ్ల దాకా అది సామిది. దాన్ని కట్టేయకూడదు, కొట్టకూడదు, మేస్తుంటే తరమకూడదు. ఎవరి గింజలు తిన్నా, ఎవరి అరుగెక్కి పడుకున్నా నవ్వి ఊరుకోవాలి. కొన్నాళ్లకే అది ఊరి పెద్దమనిషిలా తయారైంది. గడ్డం, కమురు కంపు, అడ్డం వచ్చినవాళ్లను తోసుకుపోయే నడక. చాయి కొట్టు ముందు బిస్కెట్లు దాని జీతం.

తిరునాళ్లు ఇంకా దూరం ఉండగానే ఒకరోజు పొద్దున ముత్తుసెల్వి మందను తోలుకొని తోట గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడ జనం ఉన్నారు.

కాలువ వైపు వరసలో జామచెట్లు చిందరవందరగా ఉన్నాయి. లేత కొసలన్నీ పోయాయి. కొమ్మలు కిందికి వంచినవి వంచినట్టే విరిగి వేలాడుతున్నాయి. బెరడు ఊడి తెల్లటి కర్ర బయటపడింది. కింది నుంచి పైకి గీరిన పళ్ల గాట్లు. కొన్ని చెట్లకు గాయం చుట్టూ తిరిగింది. అవి ఇక బతకవు.

కృష్ణరాజ్ లుంగీ ఎగగట్టి నిలబడ్డాడు. "వచ్చినావా తల్లీ? రా, చూడు, నీ యాపారం."

"అయ్యా, ఇది మా గొర్రెలు..."

"గొర్రెలు కాదు! నాకి తెలుసు గొర్రెలు కాదని. నేనేం టౌన్‌లో పుట్టినానా? మీ అత్త మేకల్ని దాచిపెట్టి, గొర్రెల నడిమిన కలిపి తోలినావు. నల్లవాటిలో నల్లవి. ఎవడు చూస్తాడులే అనుకున్నావు."

"మా మేకలన్నీ అమ్మేసినాం అయ్యా. ఇంటి కాడ ఉండేది ఒకే ముసలిది. దానికి పట్ట పీకే పళ్లు యాడున్నాయి? వచ్చి చూడండి."

"నీ ఇంటికొచ్చి మేక నోరు తెరిచి చూడాలా నేను?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ముత్తుసెల్వి చుట్టూ చూసింది. నవ్విన చాయి కొట్టు అంతోని, కాలువ పని మనుషులు, తోట కాపలాదారు సుడలై. అందరూ పల్లెటూరి వాళ్లే. బెరడు మనిషి గుండె ఎత్తున ఊడింది. చెట్టు కాండం మీద బురద గిట్టల ముద్రలు, రెండు ముందుకాళ్లు ఆనించి నిలబడినవి, కనిపిస్తూనే ఉన్నాయి. గొర్రె వెనక కాళ్ల మీద లేచి చెట్టుకు ఆనుకోవడం ఎవరూ చూసి ఉండరు. ముత్తుసెల్వి ఇంట మిగిలిన ముసలి మేకకు పళ్లు కదులుతున్నాయన్నదీ అందరికీ తెలుసు. పైపెచ్చు, సరిగ్గా ఆ క్షణాన, తోట మూలన మోటారు గది కప్పు మీద సామి మేకపోతు పడుకొని ఉంది. మెడలో వాడిపోయిన బంతిపూల దండ. నోట్లో జామ కొమ్మ. తాపీగా నములుతోంది.

అందరి కళ్లూ దాని వైపు తప్ప అన్ని వైపులా తిరిగాయి.

"ఆడ చూడండి అయ్యా!" అని ముత్తుసెల్వి చెయ్యెత్తింది.

"చెయ్యి దించు." కృష్ణరాజ్ గొంతు ఒక్కసారి తగ్గింది. "సామి మీద నింద వేస్తావా? నోరు జాగ్రత్త. రేపట్నుంచి నీ మంద ఈ గేటు దాటకూడదు. అబద్ధం చెప్పేవాళ్లకి మా తోటలో చోటు లేదు. సుడలై, గేటు మూయి."

సుడలై గేటు మూశాడు. మూస్తున్నంతసేపూ నేల వైపే చూశాడు.

తెలియనివాళ్లు తప్పుగా అంటే చెప్పి ఒప్పించవచ్చు. తెలిసినవాళ్లు తెలిసి తెలిసి అంటే ఏం చెప్పాలి? దారి పొడుగునా ముత్తుసెల్వి పళ్లు కొరుక్కుంటూనే నడిచింది. ఆస్పత్రిలో "ఏయ్ క్లీనింగ్" అన్నప్పుడు కనీసం అది అబద్ధం కాదు. ఇక్కడ పేరు సంపాదించుకుందామని వస్తే అబద్ధాలకోరు అన్న పేరు దొరికింది.

ఇంట్లో మూకాయి అంతా విని చీరకొంగు దులిపింది.

"సుమ్మా ఉండు, ఊరుకో. వాళ్ల తోట. వాళ్ల సామి. తిరునాళ్ల అయినాక పోతు ఉండదు, అప్పుడు పెద్దామెను పట్టుకొని మళ్లా అడుగుదాం."

"అప్పటిదాకా ఇవి ఏం తినాలి?"

"కొండ వారకి తోలు."

"కొండ వారన ఏముండాది అత్తా? సీమ తుమ్మ, ముళ్లపొదలు. మేకలైతే కాళ్లెత్తి ఆకు కోసుకొని తింటాయని మీరే చెప్పినారు గదా! ఇవి కింద రాలిన కాయ ఏరుకుంటాయి, అంతే. కాయతో కడుపు నిండుతాదా? చెరువులోకి తోలితే అంతా బురద, గిట్టలు కుళ్లుతాయి. మేకల్నే కొనుంటే ఈ పొద్దు ఎవరి గేటూ నాకి అక్కరలే!"

మూకాయి వక్కాకు చుట్టి నోట్లో పెట్టుకుంది. తర్వాత, "అది నేను అప్పుడే చెప్పినా," అంది.

"ఇప్పుడు అదా ముఖ్యం?"

"మరేం ముఖ్యమే? పెద్దోళ్లతో పెట్టుకుంటే మిగిలేది ఏంది? నేను మింగలేదా? మందార చెట్టు కాడ నుంచి ఎన్ని మింగినా!"

"మందార చెట్టుని మీ మేక తినింది అత్తా. జామ చెట్లని నా గొర్రెలు తినలే. తిన్నదానికి తిట్లు పడితే పడతా. తిననిదానికి ఎందుకు పడాలి?"

రోజులు గడిచేకొద్దీ మంద పాడైంది. వీపు మీద ఎముక చేతికి తగిలింది. చూడి గొర్రె ఒకటి తిండి చాలక వెనకబడింది, అది వెనకబడితే మంద మొత్తం ఆగి అరిచింది. చెరువు అంచున మేపిన వాటిలో ఒకటి ముందుకాలు మడిచి మోకాళ్ల మీద గడ్డి మేయసాగింది. ముత్తుసెల్వి దాని గిట్ట చీలిక విప్పి చూస్తే కుళ్లు వాసన. అరవలేదు, తన్నలేదు. కళ్లు మాత్రం అలా తెరిచి చూసింది. ఆ చూపు చూశాక ముత్తుసెల్వి గిట్ట కడిగి, మైలుతుత్తం నీళ్లలో ముంచి తీసి, దాన్ని పొడి నేల మీద కట్టేసి, చేతులు కడుక్కొని, నేరుగా సుడలై ఇంటికి పోయింది.

"మామా, నువ్వు చూసినావు. చూడలే అని చెప్పు, పోతా."

సుడలై మంచం మీద కూర్చొని బీడీ వెతుక్కున్నాడు. ఉన్న బీడీ చేతిలోనే ఉంది.

"సెల్వీ, నా పని పోతాది."

"నా పని పోయింది."

ఆమె ఇంకేమీ అడగలేదు. అక్కడినుంచి కమలమ్మాళ్ ఇంటికి పోయి వాకిట్లోనే నిలబడి గొంతెత్తింది.

"అమ్మా! మీకిచ్చిన మాట నేను తప్పలే. మీ కొడుకు నన్ను ఊరి ముందర అబద్ధాలమారి అన్నాడు. మీరు నడవలేరంటే నేను మోసుకొని పోతా. ఒక్కసారి తోటకి రండి. మీ కళ్లతో చూసి, మీరు కూడా అట్లే అంటే, ఈ వాకిట్లోకి మళ్లా రాను."

లోపల్నుంచి కృష్ణరాజ్ దూసుకొచ్చాడు. "ఏయ్, ఎవరి వాకిట్లో అరుస్తున్నావు?"

"నా వాకిట్లో," అంది కమలమ్మాళ్ వెనకాల నుంచి. "ఆటో పిలువు రాజూ. తోటకి పోదాం. నాకి చెట్లు ఎండిపోయినాయని చెప్పినావు, ఏం ఎండినాయో చూపించలే."

ముత్తుసెల్వి మందను తోలుకొచ్చేసరికి పెద్దామె తోట గేటు దగ్గర కుర్చీలో ఉంది. వెనక కృష్ణరాజ్, గేటు దగ్గర సుడలై. చూడ్డానికి అంతోని కొట్టు కట్టేసి వచ్చాడు. అతని వెంట ఇంకో పదిమంది. దూరంగా మూకాయి కూడా వచ్చి నిలబడింది, ఎవరూ పిలవకపోయినా.

"తోలు లోపలికి," అంది కమలమ్మాళ్.

గేటు తెరుచుకుంది. ఆకలి మీద ఉన్న మంద ఒక్క ముద్దగా లోపలికి దొర్లింది. తలలు వంగాయి. ఇక గడ్డి తెగే పరపర చప్పుడు తప్ప ఏమీ లేదు. కోసిన చోట మళ్లీ చిగిర్చిన లేత కొమ్మలు వీపుల మీద రాసుకుంటున్నా ఒక్కటీ మూతి పైకెత్తలేదు. చెట్ల మధ్య నల్లటి వీపులు కదిలాయి, తోకలు వేలాడుతూ.

"కొత్త గడ్డి చూసి పోయినాయి," అన్నాడు కృష్ణరాజ్. "దీంట్లో తెలిసేది ఏముంది?"

అతనికి జవాబు మోటారు గది మీది నుంచి వచ్చింది. మేకపోతు లేచి ఒళ్లు విదిలించుకొని, గోడ అంచు మీంచి కిందికి దూకింది. తోక నిక్కబొడుచుకొని, గడ్డిని తొక్కుకుంటూ నడిచింది. గడ్డి వైపు కనీసం వంగలేదు. మిగిలిన మంచి చెట్టును ఒకదాన్ని ఎంచుకొని, వెనక కాళ్ల మీద లేచి, ముందు గిట్టలు కాండానికి ఆనించి, మెడ సాచి, అందరికంటే పైనున్న చిగురును పెదాలతో లాక్కుంది. ఆ కొమ్మ వంగి విరిగింది.

విరిగిన చప్పుడుకు పొట్టేలు తలెత్తింది. తన మందలో తెలియని పోతు. ముక్కు పైకెత్తి గాలి వాసన చూసింది. వెనక్కి అడుగులు వేసింది, ఒకటి, మరొకటి, ఇంకా వెనక్కి. మేకపోతు కూడా తిరిగి దాన్ని చూసి, మేకల పోట్లాట పద్ధతిలో వెనక కాళ్ల మీద నిటారుగా లేచింది, పైనుంచి కొమ్ములు దించడానికి. మేకతో మేక అయితే అది చాలు. రెండూ లేస్తాయి, తలలు తాకుతాయి, అయిపోతుంది. పొట్టేలు లేవదు. వెనక్కి పోయి నేలబారుగా దూసుకొచ్చి కొడుతుంది. పైకి లేచి పొట్ట చూపిస్తున్న మేకకు ఆ దెబ్బ తగిలితే పక్కటెముకలు మిగలవు.

"సెల్వీ!" అని మూకాయి కేక వేసింది.

అప్పటికే ముత్తుసెల్వి పరిగెత్తుతోంది. ఆమె మనసులో ఉన్నది దయ కాదు. కొట్టనీ, చావనీ అని ఒక గొంతు అరిచింది. నా నోటి కూడు తీసిన పోతు ఇదేనని అరిచింది. అయినా చేతులు పోయి పొట్టేలు కొమ్ముల్ని పక్క నుంచి పట్టుకున్నాయి. పొట్టేలు ఊపుకు ఆమెను ఈడ్చుకుపోయింది, మోకాళ్లు దోక్కుపోయాయి, ఇద్దరూ కలిసి గట్టు మీద పడ్డారు. మేకపోతు నింపాదిగా కాళ్లు దించి, ఏమీ జరగనట్టు మళ్లీ చెట్టుకు ఆనుకుంది.

ముత్తుసెల్వి లేచింది. మోకాలి నుంచి రక్తం కారుతోంది. పొట్టేలు కొమ్ము ఇంకా పిడికిట్లోనే ఉంది.

"వదిలేసుంటే మీ మొక్కు ఈడే తీరిపోయేది అయ్యా," అంది. "మీ సామి పోతుని నేను కాపాడినా. ఇప్పుడు చెప్పండి. చెట్లు తినింది ఎవరు?"

కృష్ణరాజ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "అది సామిది. దాన్ని మనమేం చేయగలం?"

"సామిది అయితే సామి పేరు చెప్పుండాల్సింది," అంది కమలమ్మాళ్. "ఒక ఆడమనిషి పేరు ఎందుకు చెప్పినావు రాజూ?"

"అమ్మా, మొక్కు తప్పు పట్టకూడదని..."

"మొక్కు నీది. మేత నాది. తిట్టు దీనిదా?"

కృష్ణరాజ్ చెవులు ఎర్రబడ్డాయి. తల్లిని ఏమీ అనలేక అతను చుట్టూ చూశాడు, ఎవరిని అనవచ్చునా అని. "అసలు గేటు మూసి ఉంటే అది లోపలికి ఎట్లా వచ్చింది? ఎవరు తీసినారు? కాపలా ఉండి ఏం చేస్తున్నట్టు?"

సుడలై గేటు వదిలి ముందుకు వచ్చాడు. ముత్తుసెల్వి మోకాలి వైపు చూశాడు, తర్వాత మొదటిసారి కృష్ణరాజ్ ముఖంలోకి చూశాడు.

"నేనే అయ్యా. రోజూ తెల్లారి అది వచ్చి గేటుని పొడుస్తాది. సామి పోతుకి ఏ గేటూ మూయకూడదని మీరే చెప్పినారు. తీసినా. అది తినేది చూసినా. మీకి ఫోన్ చేసి చెప్పినా కూడా. తరమొద్దు, ఎవరికీ చెప్పొద్దు అన్నారు. ఆ బిడ్డ ఏ పాపం ఎరగదు."

"ఫోన్ చేసినాడా?" అని అంతోని నోరు జారింది. జనంలో గుసగుస లేచింది.

కృష్ణరాజ్ ఇక ఏమీ దాచలేదు, దాచడానికి మిగల్లేదు. "నువ్వు రేపట్నుంచి పనికి రావద్దు," అన్నాడు సుడలైతో.

"రాజూ," అంది కమలమ్మాళ్.

"కాపలా జీతం నేనిస్తున్నా అమ్మా. నా మాట." అని వెళ్లి ఆటోలో కూర్చున్నాడు. పెద్దామె కొడుకు పోయిన వైపు చూసింది, సుడలైని చూసింది. జీతం విషయంలో ఆమె నోరు పెగలలేదు. ముత్తుసెల్వితో మాత్రం, "రోజూ తోలుకో. గేటు తాళం నీ దగ్గరే పెట్టుకో," అంది.

తాళం చేతిలో పడింది. క్షమించమన్న మాట మాత్రం ఎవరి నోటి నుంచీ రాలేదు. అంతోని మరుసటి రోజు చాయి ఇచ్చి, "అప్పుడే తెలుసు సెల్వీ, నువ్వు కాదని," అన్నాడు. ఆ గ్లాసును ఆమె బల్ల మీద అలాగే వదిలి వచ్చేసింది. తెలుసట. తెలిసీ నవ్వాడు.

తిరునాళ్లు వచ్చాయి. మేకపోతును కరుప్పసామి ముందు నిలబెట్టి నీళ్లు చల్లారు. అది ఒళ్లు విదిలించుకుంది, సామి ఒప్పుకున్నాడన్నారు. ఊరంతా కూర తిన్నది. మూకాయి ఒక గిన్నె తెచ్చి పెడితే ముత్తుసెల్వి మూత కూడా తీయలేదు. నేరుగా దొడ్డిలోకి పోయి, కొత్తగా పుట్టిన నల్లటి గొర్రెపిల్లలకు తల్లి పాలు సరిపోతున్నాయో లేదో వంగి చూసుకుంది. కుంటిన గొర్రె నాలుగు కాళ్ల మీదా నిలబడుతోంది. మూకాయి వాకిట్లో కూర్చొని, "గొర్రె కూడా పరవాలేదులే," అని ముసలి మేకతో చెప్పుకుంది, కోడలికి వినబడేలా.

సుడలైకి ఊళ్లో ఎవరూ కాపలా పని ఇవ్వలేదు. యజమాని మాట బయట పెట్టేవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? ముత్తుసెల్వి తనతో మంద మేపమని అడిగింది. "నీ గొర్రెలు నిన్ను సాకితే చాలు తల్లీ," అని నవ్వి, అతను కాపలా పని వెతుక్కుంటూ కోయంబత్తూరు బస్సెక్కాడు.

మీరెవరైనా కోయంబత్తూరులో పీలమేడు వైపు పోయి, ఏదో అపార్ట్‌మెంటు ముందు స్కూటర్ ఆపి హారన్ కొట్టి, గేటు తీయడానికి ఆలస్యం చేశాడని అక్కడి ముసలి వాచ్‌మన్ మీద విసుక్కోబోతే, ఒక్క క్షణం ఆగండి. అతను సుడలై కావచ్చు. తెలిసినవాళ్లంతా నోరు మూసుకున్న చోట, ఆలస్యంగానైనా, నోరు తెరిచినవాడు ఆ మనిషి ఒక్కడే. అతన్ని గుర్తుపెట్టుకోండి.